తలుపు బయట రెండు కుర్చీలు

మా మనవరాలు కబడ్డీ నేర్చుకునే క్లబ్బులో, ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది బయట రెండు కుర్చీలుంటాయి. ఒకదాంట్లో కోచ్ మేడమ్, ఇంకోదాంట్లో వంతు వచ్చిన ఇంటివాళ్లు కూర్చుంటారు. పిల్లలు పిలిస్తే తప్ప లోపలికి పోరు.

ఆ పొద్దున వంతు నాది. ఎండలో ఎర్రమట్టి పొగలా తేలుతోంది. లోపలి నవ్వులు ఏదో కలలోంచి వస్తున్నట్టున్నాయి. అంతలో సహాయ కోచ్ ఫోన్ పట్టుకొని తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏడికి?" నా చేతికర్ర అడ్డం పెట్టాను.

"ఫొటో తీస్త, అవ్వా. అందరు నా పిల్లలే గద."

"అయితే బయటికొచ్చినంక తియ్యి."

మేడమ్ అతన్ని పంపించేసింది. బయటికొచ్చిన మనవరాలు మెల్లగా అంది: "మొన్న పోటీలకు పోయినప్పుడు బట్టలు మార్చుకునే గది లోపటికొచ్చి ఫొటో తీసిండు. ఎవ్వలకు చెప్పొద్దన్నడు."

"చెప్పి మంచిపని చేసినవ్. తప్పు నీది కాదు," అంది మేడమ్. గుచ్చి గుచ్చి అడగలేదు. ఆ మాటల్నే రాసుకుంది.

"పిల్ల పేరు ఖరాబైతది. మనలోనే తేల్చుకుందాం," అన్నాను.

"పోలీసులకు చెప్పకుంటే నాది నేరమైతది, అవ్వా. పిల్ల పేరు బయటికి రాదు."

అప్పుడే ఫోన్ చేసింది. క్లబ్బులో పిల్లల రక్షణ చూసే ఆమెకూ చెప్పింది. విచారణ అయ్యేదాకా అతన్ని మైదానానికి రానివ్వలేదు.

"రేపు ఆటకు తోల్కపోతవా?" అంది మనవరాలు.

మరునాడు నా వంతు కాదు. అయినా కుర్చీలో కూర్చున్నాను. లోపలి నవ్వుల్లో దాని నవ్వు వినిపించేదాకా లేవలేదు.