మూడు ప్రశ్నలు, రెండు నిమిషాలు

జయకుమారిది నవ్వుమొహం. గుంటూరు శివార్లలో మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీలో పన్నెండేళ్లుగా కౌంటర్ ఆమెదే. చిన్నప్పుడు వినుకొండ దగ్గర తల్లితోపాటు కూలికి మిరపకాయల తొడిమలు తీసి, చేతులు మండి ఏడ్చిన పిల్ల, బీకాం చదివి ఏసీ గదిలో కుర్చీ దాకా వచ్చింది. ఇన్నేళ్లలో తన మీద ఒక్క ఫిర్యాదూ లేదని ఆమెకు గర్వం. అందుకు రుజువులు బీరువా నిండా ఉన్నాయి.

ఏటా యజమాని ప్రేమ్‌చంద్ గారు రైతుల చేత ఫీడ్‌బ్యాక్ ఫారం నింపిస్తారు. ఇరవై ఆరు ప్రశ్నలు. పైన పేరు, ఫోన్ నంబరు, సరుకు దాచినందుకిచ్చిన బాండు నంబరు. తన సరుకు బయటికి తియ్యమని అడగడానికొచ్చిన రైతు కౌంటర్ ముందు నిలబడి, జయకుమారి చూస్తుండగా నింపాలి. పాపం, అందరికీ అన్నీ 'చాలా బాగుంది'. అంత బాగున్న చోటు నుంచి ఈ ఏడు బోలెడుమంది పక్క స్టోరేజీకి ఎందుకు పోయారో అయ్యగారికి అంతుపట్టలేదు. జయకుమారిని పిలిచి, తనకు నిజం కావాలన్నారు, ఎలా రాబడతావో నీ ఇష్టమన్నారు.

జయకుమారి పాత ఖాతాదారు యలమందయ్యను పట్టుకుని, ఫారంలో అన్నీ బాగున్నాయని ఎందుకు రాశారని అడిగింది. ఆయన మొహమాటపడలేదు.

“నా మిర్చి టిక్కీలు మీ లోపలున్నాయమ్మా. ఆ బస్తాలు బయటపడ్డాక అడుగు, చెబుతా.”

ఈ సంగతి పన్నెండేళ్లలో తనకెందుకు తట్టలేదా అని సిగ్గుపడింది. సరుకంతా తీసుకెళ్లిపోయిన వాళ్ల లెక్క తీస్తే నలభై ఒక్కమంది. ఒక్కొక్కరికీ విడివిడిగా పంపితే జవాబు ఎప్పుడొచ్చిందో చూసి మనిషిని పట్టెయ్యొచ్చు. అందుకని అందరికీ ఒకేరోజు పంపాలనుకుంది. ప్రేమ్‌చంద్ గారు మొదట సంస్థ చరిత్ర, తన ఫొటో, చివర రైతు ఫోన్ నంబరు రాసే గడి పెట్టమన్నారు. మూడూ తీసేయించడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. వాట్సాప్‌లో ఇంతే రాసింది:

“నమస్కారం. మీ సరుకంతా మా దగ్గర్నుంచి వెళ్లిపోయింది. వచ్చే ఏడు మేం ఏం మార్చుకోవాలో చెప్పండి. మూడే ప్రశ్నలు, రెండు నిమిషాలు. పేరు, నంబరు అడగం. ఎవరు రాశారో మాకూ తెలియదు. శనివారంతో ఆఖరు. మీరు చెప్పినదాని మీద ఏం చేశామో పదిహేనో తారీఖున గేటు బోర్డు మీద రాస్తాం.”

కింద లింకు. మళ్లీ మా దగ్గర సరుకు పెడతారా, ఎందుకు, ఒక్కటి మార్చమంటే ఏది మారుస్తారు. అంతే.

రైతులు ఇళ్లకు చేరే వేళ చూసి, సాయంత్రం ఏడింటికి పంపింది. పది నిమిషాల్లో తొమ్మిది జవాబులొచ్చాయి. శనివారానికి ఇరవై తొమ్మిది. పంతొమ్మిది మందిది ఒకటే మాట. ఒకాయన ఇలా రాశాడు: “కౌంటర్ అమ్మగారు నవ్వుతూనే రేపు రమ్మంటారు. మూడు రేపులయ్యేసరికి మిర్చి యార్డులో రేటు పడిపోతుంది. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండుద్ది.”

జయకుమారికి ఏడుపొచ్చింది. తాను కోరి తెచ్చుకున్న నిజం తన మొహానే కొట్టింది.

ప్రేమ్‌చంద్ గారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. లోపం స్టోరేజీలో లేదు, కౌంటర్లో ఉందన్నమాట. ఒకటో తారీఖు నుంచి కొత్త అమ్మాయిని పెడదామని, 'కౌంటర్ సిబ్బందిని మార్చాం' అని బోర్డు మీద రాసెయ్యమని చాలా సౌమ్యంగా చెప్పారు. తన ఉద్యోగం పోయిందని తన చేత్తోనే రాయాలి. జయకుమారి చాక్‌పీసు తీసుకోలేదు.

“సార్, రేపు అన్న నోరు నాది, మాట మీది. వ్యాపారుల లారీలు నిండాకే రైతు టిక్కీలు తియ్యమంది మీరు. వాళ్లు పేరు లేకుండా చెప్పారు. నేను పేరు పెట్టే చెబుతున్నా. కొత్త అమ్మాయైనా రేపే రమ్మంటుంది.”

ప్రేమ్‌చంద్ గారికి నిజం కావాలనే ఉంది, కాకపోతే అది తనదాకా రాకూడదు. ఇరవై తొమ్మిది జవాబులూ మళ్లీ చదివారు. నలభై ఒక్కమంది పదిహేనో తారీఖు కోసం చూస్తున్నారని ఆమె గుర్తుచేసింది. చివరికి, సరే, వరస మారుస్తామని రాసి తగలెయ్యమన్నారు. ఆమె రాసింది: 'ముందు అడిగినవారి సరుకు ముందు. రైతుకైనా వ్యాపారికైనా ఒకటే వరస.'

మర్నాడు తొమ్మిదింటికి మొదట వచ్చింది యలమందయ్య. నలభై టిక్కీలు తీయాలన్నాడు. జయకుమారి చీటీ రాసి లోపలికి పంపి, గంటలో వచ్చేస్తాయి, కూర్చోండి అంది. నవ్వింది కూడా.

యలమందయ్య కూర్చోలేదు. ఆమె మొహంలోకి అదోలా చూసి, గొంతు తగ్గించాడు.

“నిజం చెప్పమ్మా. రేపు ఎన్నింటికి రమ్మంటావు?”