షీటుకు ఎనిమిది, నీళ్లకు పది

లెక్కల్లో నాకెప్పుడూ మంచి మార్కులే వచ్చేవి. ఆ సంగతి పెళ్లిచూపుల్లో మా నాన్న చెప్పిన దగ్గరనుంచీ మా అత్తగారింట్లో కొలతలన్నీ నాకే అప్పజెప్పారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తొంభైల మొదట్లో మాట. మా చేను బూర్గంపాడు దాటాక, అడవి మొదలయ్యే చోట ఉండేది. మా మామయ్యది కృష్ణా జిల్లా. అక్కడి ఎకరం అమ్మి ఇక్కడ నాలుగెకరాలు కొని, పెద్దవయసులో మూడు వందల బత్తాయి మొక్కలు నాటాడు. అత్తయ్య అప్పటికే లేదు. మా ఆయన ఇల్లందు గనుల్లో పని చేస్తూ నెలకోసారి బస్సులో వచ్చేవాడు. ఇంట్లో ఉండేది నేనూ మామయ్యా, మా ఇద్దరి మధ్య ఆ మొక్కలూ. రెండు చోట్ల బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పక్కనున్న వాగు మాఘమాసం చివరికి ఎండిపోయేది. మళ్లీ వానలు పడేదాకా మొక్కలు బతకాలంటే వాగు పారుతున్నప్పుడే నీళ్లు తోడి దాచుకోవాలి. నేల చూస్తే ఇసుక. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి కనపడవు. అందుకని గుంట తవ్వి అడుగున నల్ల ప్లాస్టిక్ షీటు పరవాలని అనుకున్నాం.

నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. మొక్కకు రోజుకొక బిందె, ఎండ తాగేది వేరే, వాన పడేదాకా ఎన్ని రోజులు, అన్నీ వేసుకుంటే గుంటలో పదడుగుల లోతు నీళ్లు నిలవాలని తేలింది. పదడుగులూ తవ్వాలంటే అడుగున రాయి తగులుతుందని మేస్త్రీ భయపెట్టాడు. "ఎనిమిది తవ్వుతం, తీసిన మట్టితోని సుట్టూ రెండడుగుల కట్ట పోస్తం, పది అయితది" అన్నాడు. ఆ మాటకు నేనే తల ఊపాను. ఇది గుర్తుపెట్టుకోండి, కట్ట సంగతి నాకు ముందే తెలుసు.

తవ్వే వాళ్లది ఒక పద్ధతి. గుంట తవ్వేటప్పుడు మధ్యలో అక్కడక్కడ మట్టి దిమ్మెలు వదిలేస్తారు. దిమ్మె నెత్తిన పాత నేల గడ్డి అలాగే ఉంటుంది. పని అయ్యాక ఆ గడ్డి దగ్గర నుంచి అడుగుదాకా టేపు వేలాడదీస్తే ఎంత లోతు తవ్వారో అందరికీ కనిపిస్తుంది. కూలి దాన్నిబట్టే. దిమ్మెను ఎవరూ ముట్టుకోరు, దాని మీద ఎవరూ పోట్లాడరు. మా గుంటలో మూడు దిమ్మెలు వదిలారు. మేస్త్రీ నా ముందే టేపు వదిలాడు.

"దిమ్మె అబద్ధం చెప్పదమ్మా, ఎనిమిది పక్కా. రాసుకో."

రాసుకున్నాను.

కట్ట ఇంకా పోయలేదు. తీసిన మట్టి కుప్పలుగా పడి ఉంది. కట్ట పోసి, తొక్కించి, వాలు నున్నగా చేసేదాకా ఆగితే వాగు ఆగదు. అందుకని షీటు కొలత ముందే తేల్చేసి ఖమ్మం వెళ్లి చెప్పి రావాలని నా తొందర. ఆ సాయంత్రం అరుగు మీద మామయ్యకూ నాకూ పెద్ద వాదన జరిగింది.

"ఇందులో లెక్కేముందమ్మా? గుంట నోరు డెబ్భైనాలుగడుగులు. దానికి ఇటో లోతు, అటో లోతు కలిపితే తొంభై. అడ్డం యాభైనాలుగు, అది డెబ్భై అవుతుంది. గంపలో గుడ్డ పరిచేటప్పుడు అలాగే కదా కొలుస్తాం" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వు దాచుకునే మర్యాద కూడా లేకపోయింది. "గోడలు నిటారుగా ఉంటే అలా కొలవాలి మామయ్యా. మనది వాలు. అడుగు లోతుకు అడుగున్నర పక్కకు పోతుంది. ఎనిమిదడుగుల లోతుకు పన్నెండడుగులు" అని బొమ్మ గీశాను. ఎనిమిది నిలువు, పన్నెండు అడ్డం, మూలగా వాలు. ఎనిమిదెనిమిదులు అరవైనాలుగు, పన్నెండు పన్నెండ్లు నూటనలభైనాలుగు, కలిపితే రెండువందల ఎనిమిది, దాని వర్గమూలం పద్నాలుగున్నరకు కాస్త తక్కువ. గుంట అడుగున పొడవు యాభై, అటూ ఇటూ వాలు కలిపితే డెబ్భైతొమ్మిది. గట్టు మీద షీటు అంచు పాతిపెట్టడానికి చుట్టూ చిన్న కాలువ తవ్వాలి కదా, దానికి అడుగు గట్టు మీద, అడుగు కాలువలోకి, అడుగు కాలువ అడుగున, అంటే ఒక్కో పక్కకు మూడడుగులు. మొత్తం ఎనభై అయిదు. వెడల్పు అడుగున ముప్పై, అదే తీరున లెక్కేస్తే అరవై అయిదు.

"మీ లెక్కన పొడవులో అయిదడుగులు, వెడల్పులో అయిదడుగులు దండగ" అన్నాను. దండగ అన్న మాట నొక్కి మరీ అన్నాను. మామయ్య కాసేపు బొమ్మ వైపు చూసి, "సరే, నువ్వు చదువుకున్నదానివి" అని లేచి పశువులకు మేత వేయడానికి వెళ్లాడు.

మర్నాడు మొదటి బస్సుకే ఖమ్మం వెళ్లాను. షీట్లు అతికే దుకాణం ఒక సాయిబుగారిది. పొడుగాటి పట్టీలను వేడి ఇస్త్రీతో ఒకదానికొకటి అతికి పెద్ద షీటు చేస్తాడు. నా కాగితం రెండు సార్లు చదివాడు.

"లోతు ఎవలు కొలిచిండ్రు బేటీ?"

"మేస్త్రీ. దిమ్మె మీద కొలిచాడు. నేను కళ్లారా చూశాను."

"దిమ్మె మీద కొలిస్తే ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

అందరం నమ్మేది ఆ దిమ్మెనే. అది అబద్ధం చెప్పలేదు కూడా. ఎంత తవ్వారో అడిగాం, అది చెప్పింది. షీటు ఎంత దూరం ఎక్కాలో దాన్ని అడగకూడదని నాకు తట్టలేదు.

షీటు లారీ మీద ఆరో రోజున వచ్చింది. పరిచి చూపించడానికి సాయిబుగారే వెంట వచ్చాడు. అప్పటికి దిమ్మెలు తీసేశారు, కట్ట పోశారు, వాలంతా నున్నగా దిద్ది రాళ్లూ వేళ్లూ ఏరేశారు. కట్ట మీద కాలువ కూడా నేను చెప్పిన కొలతకు తవ్వి ఉంచారు. పదిమంది కూలీలు షీటును మధ్యలో దింపి నాలుగు పక్కలకూ విప్పుకుంటూ పైకి ఎక్కారు. ఎక్కి, కట్ట అంచుకు అరడుగు కింద ఆగిపోయారు. నాలుగు పక్కలా అంతే. ఎవరి చేతిలోనూ షీటు మిగల్లేదు.

"లాగుండ్రిరా!" అని మేస్త్రీ అరిచాడు.

"లాగకుర్రి!" అని సాయిబుగారు అంతకంటే గట్టిగా అరిచాడు. "గుంజితే అడుగున మూలల్ల గాలిల తేల్తది. నీళ్లు పడంగనే పటుక్కున చినుగుతది. వదులుగనే ఉండాలె."

ఆయన టేపు తీసి వాలు మీద పరిచాడు. పద్దెనిమిది. నేను రాసుకున్నది పద్నాలుగున్నర. టేపు చదివి పేజీలు తిప్పాను. నా నోటుబుక్కులో ముందు పేజీలో నీళ్ల లెక్క పదడుగులకు ఉంది, వెనక పేజీలో షీటు లెక్క ఎనిమిదడుగులకు ఉంది. రెండూ నా చేతిరాతే. రెండు పేజీల మధ్య ఒక్క ఆకు తేడా.

కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మేస్త్రీ మీద పడ్డాను. "ఎనిమిది పక్కా అన్నావు కదయ్యా!"

"తవ్వింది ఎనిమిదే కదమ్మా. కట్ట నేను తవ్వలే, పోసిన" అన్నాడు. అందులో తప్పేముంది? ఏమీ లేదు. అదే ఇంకా మండింది.

సాయిబుగారిని బతిమాలాను. చుట్టూ నాలుగడుగుల పట్టీ అతకమన్నాను. "ఈడ కరెంటు ఏడున్నది బేటీ? మట్టిల, గాలిల అతికితే నిలవది. ఈ షీటు బరువంత ఆ అతుకు మీదనే వేలాడుతది" అన్నాడు. వెనక్కి తీసుకెళ్లి అతికి తేవాలంటే మళ్లీ వారం. వాగులో అప్పటికే మోకాలి లోతు లేదు, నీళ్లు తోడే ఇంజను పైపు మునగడానికి ఇసుకలో గొయ్యి తీశాం.

మిగిలిన దారి ఒక్కటే. కట్ట లోపలి వైపు చెక్కి, పాత నేల మట్టం దగ్గర మెట్టు తీసి, కాలువ అక్కడ తవ్వడం. షీటు సరిగ్గా సరిపోయింది. ఎనిమిదడుగుల వాలు ఎక్కాక మూడడుగులు మిగిలింది, అడుగు మెట్టు మీద, అడుగు కాలువలోకి, అడుగు కాలువ అడుగున. అంగుళం తేడా లేదు. నా లెక్క అంత బాగా కుదిరినందుకు నోటుబుక్కు చింపి వాగులో పారేయాలనిపించింది. పై రెండడుగుల నీళ్లు పోయాయి. గుంట పైకి పోయేకొద్దీ వెడల్పు కాబట్టి ఆ రెండడుగుల్లోనే పదికి మూడు పాళ్ల నీళ్లు పట్టేవి.

మామయ్య చెప్పిన తొంభై అయితే పద్దెనిమిదడుగుల వాలు ఎక్కి, దాదాపు రెండడుగులు మిగిలేది. అడుగు గట్టు మీద, ఇంకో అడుగు కాలువలోకి. చాలకపోయినా గట్టెక్కేవాళ్లం. ఆ మాట ఆయన అనలేదు. గుర్తులేక కాదు.

నీళ్లు నింపాక మళ్లీ లెక్క వేశాను, ఈసారి ఆయన పక్కనే కూర్చుని. ఎండ తన వాటా తగ్గించుకోదు కాబట్టి పదిహేను వరసల్లో తొమ్మిదింటికే నీళ్లు సరిపోతాయని తేలింది. అన్నిటికీ కొంచెం కొంచెం పోస్తే అన్నీ పోతాయి. "ఏ ఆరు వదిలేద్దాం?" అన్నాడు మామయ్య. దూరంగా ఉన్న పై వరసలు అన్నాను. అక్కడ రాతి నేల. ఒక్కో గుంతా ఆయనే గడ్డపారతో కొట్టుకున్నాడు, కూలీలు ఒప్పుకోలేదు. ఆయన అటువైపు చూసి, "అవే వదిలేద్దాం, అంతదూరం నువ్వు బిందెలు మోయలేవు" అన్నాడు.

శివరాత్రి వెళ్లిన ఆదివారం మా ఆయన వచ్చాడు. గుంట దగ్గర నిలబడి, షీటు ఎక్కని కట్టనూ, వాడిపోతున్న పై వరసలనూ చూసి, "ఎవరు చేశారీ లెక్క?" అని అరిచాడు. నేను నోరు తెరిచేలోపే మామయ్య అన్నాడు.

"నేనేరా. కట్ట సంగతి మర్చిపోయి లోతు తప్పు చెప్పాను. అమ్మాయి నేను చెప్పిందే రాసింది."

మా ఆయన తండ్రిని చాలా మాటలన్నాడు. వయసు మీద పడిందనీ, ఇంక ఇలాంటివి తనకు వదిలేయమనీ అన్నాడు. మామయ్య తలవంచుకుని చేతిలో కొడవలికి అంటిన మట్టి గోకుతున్నాడు. నాకు ఆయన మీద పట్టరాని కోపమొచ్చింది. నా తప్పు ఎత్తుకోమని ఆయన్ని ఎవరడిగారు? ఆ తప్పు నాదని గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు. ఊరుకుంటే హాయిగా ఉంది కాబట్టి ఊరుకున్నాను.

వైశాఖం నాటికి పై వరసలు ఆరూ ఎండిపోయాయి. ఆ తర్వాత పొలంలో దేని కొలత కావాలన్నా మా ఆయన నన్నే అడిగేవాడు, తండ్రిని అడిగేవాడు కాదు. మామయ్య ఇంకో పదకొండేళ్లు బతికాడు.