ఆ వీడియోని నువ్వు విన్నావా?

మా వదిన పదో తరగతి దాకా కూడా చదవలేదు. సోంపేట దగ్గర ఊళ్లో జీడితోట, కొబ్బరితోట చూసుకుంటుంది, మహిళా సంఘానికి అధ్యక్షురాలు. నేను టెక్కలిలో కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతాను. ఫోనులో ఏదన్నా పని పడితే ఆమె నా దగ్గరికే వచ్చేది. ఆ సంగతిలో నాకు కొంచెం గర్వమే ఉండేది. అది ఒక ఆదివారం మధ్యాహ్నం పోయింది.

అంతకు ముందు వారం ఊళ్లో గ్రామసభ జరిగింది. శుద్ధి చేసిన నీళ్ల కొళాయిలు ఏ వీధులకు వేస్తారో చెప్పడానికి అధికారి వచ్చాడు. చివరి వీధికి, అంటే వదిన వాళ్ల వీధికి కూడా వేస్తామని అందరి ముందూ అన్నాడు. నాలుగు రోజుల తర్వాత తీర్మానాల పుస్తకంలో చూస్తే ఆ వీధి లేదు. పంచాయతీ కార్యదర్శిని అడిగితే, "ఆయన అలా అనలేదమ్మా, మీరు అనుకున్నారు" అన్నాడు.

ఆ వీధిలో కిడ్నీ జబ్బు లేని ఇళ్లు తక్కువ. జబ్బు ఎందుకొస్తోందో మాకెవరూ తేల్చి చెప్పలేదు. అందుకే బిందెలోకి వచ్చే ప్రతి చుక్కనూ అనుమానంగానే చూస్తారు. అలాంటి చోట "మీరు అనుకున్నారు" అనే మాట ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

వదిన దగ్గర నలభై నిమిషాల వీడియో ఉంది, సభ మొత్తం. ఆమే తీసింది. కానీ గాలి హోరు, జనం గోల, పక్కనే ఎవరిదో దగ్గు. రెండుసార్లు విన్నా ఆ మాట దొరకలేదు. "నీ ఫోనులో అడిగితే సెప్తాదంట కదా, ఏదో అసిస్టెంటు. అడుగు" అంది. అప్పటిదాకా నేను ఆ ఏఐ యాప్‌ను పాఠాల తయారీకి వాడానంతే, వీడియో ఎప్పుడూ ఇవ్వలేదు. ఆమె వాకిట్లో కూర్చుని వీడియో ఎక్కించి, "ఈ సభలో అధికారి చివరి వీధి గురించి ఏమన్నారు?" అని అడిగాను.

జవాబు చక్కటి తెలుగులో వచ్చింది. పన్నెండో నిమిషంలో అధికారి లేచి, చివరి వీధికి కూడా తాగునీరు అందిస్తామని హామీ ఇచ్చారట, సభ చప్పట్లు కొట్టిందట. నాకు ఒళ్లు పులకరించింది. "చూశావా వదినా!" అన్నాను.

ఆమె పన్నెండో నిమిషం పెట్టింది. టీ పంచుతున్నారు. అధికారి కూర్చునే ఉన్నాడు. చప్పట్లు లేవు.

"ఇదేటమ్మీ, నువ్వడిగిన మాటే తిప్పి నీకిచ్చింది" అంది వదిన.

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు విసుగొస్తుంది. "ఇది ఇంతే వదినా, వదిలెయ్" అన్నాను. పక్కింటి పెద్దాయన అరుగు మీంచి నవ్వాడు. "తెలీనోళ్లు మిషన్లతోటి పెట్టుకోకూడదమ్మా. టౌనులో స్టూడియోకి ఇచ్చెయ్యండి" అన్నాడు.

వదిన ముఖం ఎర్రబడింది. "తెలీదు గాబట్టే అడుగుతన్నాను. అడిగితే తప్పేటి? ఆ ఫోను తియ్యి. నేను సెప్పింది సెప్పినట్టు రాయి" అంది.

ఆమె చెప్పిన మొదటి ప్రశ్న ఇది: "ఈ వీడియోలోంచి నీకేటి అందింది? మాట విన్నావా, బొమ్మే సూసావా?"

అలాగే రాశాను. ఈసారి జవాబు మరోలా వచ్చింది. వీడియో మొత్తం తనకు అందలేదని, కొంత కొంత ఎడంతో తీసిన నిశ్చల చిత్రాలు మాత్రమే అందాయని, శబ్దం అందలేదని చెప్పింది. అధికారి మాటలు తాను వినలేదట, నా ప్రశ్ననూ చిత్రాలనూ బట్టి ఊహించి రాసిందట. క్షమించమంది.

"అది ముందే సెప్పొచ్చు కదా" అన్నాడు అరుగు మీది పెద్దాయన.

"మనం ముందే అడగొచ్చు కదా మావా" అంది వదిన.

ఆమె అక్కడితో ఆగలేదు. తన గురించి అది చెప్పుకున్నదాన్నీ వెంటనే నమ్మలేదు. "మనకి తెలిసిందే అడుగుదాం, సూద్దాం" అంది. వీడియో మొదట్లో వదిన ఆడవాళ్లను ఏమని కేకేసింది? అది వినలేదని చెప్పింది. అధికారి వెనక నిలబడ్డ మనిషిది ఏ రంగు చీర? ఆకుపచ్చ అంది, నిజమే. టీ తర్వాత వేదిక కింద నుంచి ఒక కుక్క దూసుకుపోయింది, కనిపించిందా? తనకు అందిన చిత్రాల్లో కుక్క లేదంది. అదీ నిజమే అయుండాలి. ఆ కుక్క కనిపించింది రెప్పపాటే. రెండు చిత్రాల మధ్య సందులో అది పోయింది.

"అయితే ఇది సూత్తాది గానీ ఇనదు. సూసేది కూడా తెంపులు తెంపులుగా" అని తేల్చింది వదిన.

తర్వాత ఇంకా అడిగింది. మాట ఒక్కటీ విడదీసి ఇస్తే రాసిపెట్టగలవా? ఈ యాప్‌లో ఆడియో ఫైలు ఇస్తే రాయగలనని, మా యాసా గాలి హోరూ వల్ల తప్పులు పడొచ్చని, ముఖ్యమైన చోట మేమే వినాలని చెప్పింది. ఆ ముక్క కోసి వీడియోగా ఇవ్వగలవా? ఇక్కడ కోయలేనంది. ఫోను గ్యాలరీలోనే కోసుకునే పద్ధతి చెప్పింది. సభలో ఆడవాళ్ల ముఖాలున్నాయి, ఈ వీడియో ఎక్కడ దాచుకుంటావు? దానికి గట్టి జవాబివ్వలేకపోయింది, సెట్టింగుల్లో చూసుకోమంది. నేను వెతికి, మా సంభాషణలు దాని శిక్షణకు వాడుకునే ఎంపిక ఆపాను. రెండేళ్లుగా వాడుతున్నా నాకది తట్టనే లేదు.

వీడియోలోంచి శబ్దాన్ని విడదీసి, పది నిమిషాల ముక్కలు చేసి ఇచ్చాం. "వినపడనిచోట ఊహించకు, వినపడలేదని రాయి" అని వదిన ముందే షరతు పెట్టింది. మూడో ముక్కలో ఒక చోట ఇలా వచ్చింది: "ఆ చివర... వినపడలేదు... కూడా కలిపేస్తాం." ఎదురుగా సమయం వేసి ఉంది. ఆ చోట వదిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏడెనిమిదిసార్లు వింది. సమయం కొంచెం అటూ ఇటూ అయింది గానీ మాట దొరికింది. మా ఇద్దరికీ స్పష్టంగా వినపడింది, "ఆ చివర వీధి కూడా కలిపేస్తాం" అని. ఆ మనిషి గొంతే.

వదిన కళ్లు తుడుచుకోలేదు, నవ్వలేదు. "అనుకున్నానంట నేను" అంది. అంతే.

సోమవారం నేను సెలవు పెట్టాను. ఆ మాటున్న ఒక్క నిమిషాన్ని ఫోను గ్యాలరీలో కోసుకుని, ఆ ముక్కతో టెక్కలిలో ఆ అధికారి ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమస్తా విని, "ఇప్పుడు ఏఐతో ఏ గొంతయినా చేసేస్తున్నారమ్మా, దీన్ని ఎలా నమ్మేది?" అన్నాడు.

మంచి ప్రశ్నే. వదిన దాన్ని అవమానం అనుకోలేదు.

"నమ్మకండి. ముక్క సూసి అసలు నమ్మకండి. మొత్తం నా ఫోనులో తీసింది తీసినట్టే ఉన్నాది. నలభై నిమిషాలు. మీరు కూకుని ఇనండి, నేను నిలబడతాను. ఏఐ దీన్ని సెయ్యలేదు, ఎక్కడుందో ఎతకడానికి సాయం సేసిందంతే. అదీ మొదట తప్పే సెప్పింది" అంది.

గుమస్తా ఆ చోటికి రెండు నిమిషాల ముందు నుంచి విన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి అధికారిని పిలుచుకొచ్చాడు. అధికారి తన గొంతు తానే విని, "అన్నాను" అని ఒప్పుకున్నాడు. కార్యదర్శికి ఫోను చేసి, సవరణ రాసి సంతకం పెట్టమన్నాడు.

మర్నాడు పంచాయతీ ఆఫీసులో పుస్తకం తెరిచారు. కార్యదర్శి రాస్తుంటే వదిన ఎదురుగా నిలబడింది. "అయిపోయిందమ్మా, వెళ్లండి" అన్నాడు.

"సదివి ఇనిపించండి" అంది.

చదివాడు. చివరి వీధి అందులో ఉంది. వదిన పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం మళ్లీ తనే చదువుకుంది. నన్ను టెక్కలి తీసుకెళ్లాల్సిన ఆటో బయట హారను కొడుతూనే ఉంది. ఆమె తొందరపడలేదు.