మీనాక్షి గారి దోసపాదు

మా బాల్కనీకీ పక్కింటి భాస్కర్ రావు గారి బాల్కనీకీ మధ్య ఒక పల్చటి చెక్క అడ్డం ఉంటుంది. హోమ్ ఆఫీసు పేరుతో రోజంతా నేను ఇటు కూర్చుంటే, అటు జరిగేదంతా చెవిన పడుతుంది. వినకూడదనే అనుకుంటాను, కానీ ఆయన భార్య మీనాక్షి గారి గొంతు ముందు నా హెడ్‌ఫోన్స్ ఎంత!

మ్యూనిక్ వచ్చి నలభై రెండేళ్ళయినా ఆమెది ఇప్పటికీ తెనాలి గొంతే. ఇంజనీరుగా రిటైరైన భర్తను ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. 2021 మార్చిలో ఆయనకు కోవిడ్ వచ్చి తగ్గింది. నోటికి రుచి మాత్రం తిరిగి రాలేదు. ఆవకాయ పెట్టినా, పెరుగన్నం పెట్టినా ఒకటే మొహం. డాక్టరు వస్తుందన్నాడు, ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఆమె బాధంతా అదే.

"దోసకాయ పప్పయితే తెలుస్తుందేమో సంయుక్తా" అంది ఒకరోజు నాతో. కూరగాయకూ జబ్బుకూ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. మన గుండ్రటి పసుపు దోసకాయ ఇక్కడి కొట్లలో దొరకదు. డబ్బాలో దాచిన గింజలు ఏప్రిల్ ఆఖర్న కిటికీ దగ్గర మొలకెత్తించింది. మే నెల మధ్యలో చలి పూర్తిగా తగ్గాక, అడుగున చిల్లులున్న నలభై లీటర్ల కుండీలో నాటింది.

భాస్కర్ రావు గారు వెదురు కర్రలతో పందిరి కట్టి, గాలికి కుండీతో సహా పడిపోకుండా దాన్ని రెయిలింగుకు బిగించారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తరవాత తీగను కూడా ప్లాస్టిక్ పట్టీలతో కర్రకు బిగించేశారు.

"ఏవండీ, అది తీగండీ, పైపు కాదు! రేపు కాండం లావైతే ఉరేసుకున్నట్టే కదా?"

ఆమె ఆ పట్టీలన్నీ కత్తిరించి, పాత నూలు చీర చింపి పేలికలు చేసింది. ఒక్కో పేలికను కర్ర చుట్టూ ఒకసారి, మధ్యలో మెలి తిప్పి తీగ చుట్టూ ఒకసారి, వేలు దూరేంత వదులుగా కట్టింది. తీగ జానెడు పెరిగినప్పుడల్లా ఇంకో కట్టు. పువ్వులొచ్చాక వారానికోసారి టమాటా మొక్కల ఎరువు నీళ్ళలో కలిపి పోసేది. మూడో అంతస్తుకు తేనెటీగలు ఎక్కడొస్తాయని, పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దేది. పిందెలు బరువెక్కితే వాటికి ఉయ్యాల కావాలి. ముందు సంవత్సరం ఊరందరికీ కుట్టిన గుడ్డ మాస్కులు, ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం మాస్కులే తప్పనిసరి అయ్యాక మూలన పడున్నాయి. వాటి చెవితాళ్ళు పందిరికి తగిలించి కాయలను అందులో పడుకోబెట్టింది. ఆ తెలివికి నాకు కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

జూన్‌లో ఎండలు మండిపోతున్న వారంలోనే ఆమెకు టీకా రెండో డోసుకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికింది. వేయించుకొచ్చి మూడు రోజులు జ్వరంతో మంచం దిగలేదు. లేచి చూసేసరికి ఆకులన్నీ వేలాడిపోయి ఉన్నాయి.

"రోజూ పొద్దున లీటరు కొలిచి పోశాను మీనాక్షీ" అన్నారాయన.

"ఈ ఎండకి లీటరేం సరిపోతుందండీ! మీరు తాగినంత కూడా పోయలేదు దానికి!"

రెండు పూటలా కుండీ అడుగునుంచి కారేదాకా పోస్తే తీగ కోలుకుంది. జూలై రెండో వారానికి మొదటి కాయ పసుపుపచ్చగా తిరిగింది. కోసే వేడుకకు నన్నూ పిలిచారు. తలుపులన్నీ తీసి, దూరం దూరంగా కూర్చున్నాం.

దోసకాయ తరిగేటప్పుడు ముందు ఒక ముక్క చేదు చూడాలి కదా. ఆ పని ఆ ఇంట్లో పెళ్ళయిన నాటి నుంచీ ఆయనదే. అలవాటు కొద్దీ తొడిమ వైపు ముక్క కోసి "చూడండి" అని ఆయన చేతిలో పెట్టేసింది. పెట్టాక ఆయనకు రుచి తెలియదని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

ఆయన నమిలారు. మొహం వికారంగా పెట్టి, పరుగున వెళ్ళి సింకులో ఉమ్మేశారు.

"చేదు! ఒట్టి విషం మీనాక్షీ, పారేయ్!"

నమ్మకం కుదరక నేనో ముక్క కొరికాను. నీళ్ళు చాలక మాడిన కాయ చేదెక్కిపోయింది. నేనూ సింకు వైపు పరుగెత్తాను.

"నిజంగానే చేదా? నిజంగానేనా?" అని ఆమె నన్నే రెండుసార్లు అడిగింది. అవునన్నాను. ఈ మనిషి ఇప్పుడు ఆయన్ని ఏం తిడుతుందో, ఆ లీటరు కొలతను ఎంత దూరం లాగుతుందో అని చూస్తున్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మరో ముక్క కోసి, ఆయన దగ్గరికి వెళ్ళి బతిమాలింది.

"ఏవండీ, నాకోసం ఇంకొక్కసారి ఉమ్మేయండీ."