ఒంటరి రాజు, నా ఏనుగు

చెస్‌లో ఎదుటి రాజుకు కదలడానికి గడి లేకుండా చేస్తే గెలిచినట్టేనని పదిహేనేళ్లు నమ్మాను. నాకు ఆట నేర్పింది మా మామ. ప్రొద్దుటూరులో మా బట్టల అంగడికి మధ్యాహ్నం పూట ఎవరూ రారు. ఆ వేళలో పరుపు మీద చీరలు పక్కకు నెట్టి బోర్డు పరిచేవాడు. రాజుకు చెక్ ఉందా లేదా అన్న పట్టింపు ఆయనకు లేదు. "యాడికీ పోలేకపోతే ఓడినట్టే గదమ్మా" అనేవాడు. మా అంగట్లో అదే చట్టం. నేనూ అలాగే గెలుస్తూ, అలాగే ఓడిపోతూ వచ్చాను.

ఆ చట్టం జమ్మలమడుగులో నా పరువు తీసింది. అక్కడ జంటల పోటీ పెట్టారు. ఇంటి నుంచి ఒక పెద్ద, ఒక పిల్ల ఆడాలి. ఇద్దరి పాయింట్లూ కలిపి లెక్కేస్తారు. పన్నెండేళ్ల మా అమ్మాయి నన్ను బతిమాలి జంటగా తీసుకెళ్లింది. చివరి ఆటలో నాకు రాజు, ఏనుగు మిగిలాయి. ఎదుటి కాలేజీ అబ్బాయికి ఒట్టి రాజే. ఇంకేం, చెక్ మీద చెక్ చెప్పాను. ఆ రాజు బోర్డంతా షికారు చేసింది. చివరికి ఎలాగో మూలకు చేరింది. దానికి ఐమూలగా పక్క గడిలో ఏనుగును పెట్టాను. ఆ వెనకే అదే ఐమూలలో నా రాజు కాపలా. అతని రాజుకు ఎటూ దారి లేదు. "అయిపోయింది" అని చెయ్యి చాపాను. అతను చెయ్యి కలపకుండా అంపైర్‌ని పిలిచాడు. రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు కాబట్టి స్టేల్‌మేట్, చెరి అర పాయింటు అన్నాడు అంపైర్. ఆ అర పాయింటుతోనే మాకు బహుమతి పోయింది.

ప్రొద్దుటూరు వచ్చేదాకా బస్సులో మా అమ్మాయి కిటికీలోంచి తల తిప్పలేదు. ఇల్లు చేరాక చెప్పులు విప్పుతూ తీర్పు చెప్పింది.

"పులివెందుల పోటీకి నువ్వే రా. పేరు రాసేసినా కాబట్టి. ఆడ గూడా ఇట్లనే చేస్తే మాత్రం, ఇంగ పెద్దనాన్నతోనే ఆడతా."

నాకు కోపం వచ్చింది. కన్నతల్లిని పనిమనిషిని మాన్పించినట్టు మాన్పిస్తుందా అనుకున్నాను. కోపం తగ్గాక భయం పట్టుకుంది. ఆ పిల్ల నాతో కలిసి కూర్చుని ఇష్టంగా చేసే పని ఇదొక్కటే మిగిలింది. మిగతావన్నీ ఫోను మింగేసింది.

ఆదివారం పొద్దున్నే దానికి చెస్ నేర్పే సారు దగ్గరికి నేనూ వెళ్లాను. రిటైరైన లెక్కల మాస్టరు. పదేళ్ల పిల్లల మధ్య నన్ను కూర్చోబెట్టారు. నా జమ్మలమడుగు ఘనకార్యం విని నవ్వలేదు, అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

"ఊరికే చెక్ చెప్పొద్దమ్మా. చెక్ చెప్తే పారిపోతాడు. ఏనుగు నిలబడిన చోటు నుంచి అడ్డంగా ఒక గోడ, నిలువుగా ఒక గోడ ఉంటాది. ఆ రెండు గోడలకూ బోర్డు అంచులకూ మధ్యనే రాజు తిరగాల. అదొక పెట్టె. పెట్టెను చిన్నది చేస్తా పో."

"చిన్నది చేసేదానికి కుదరకపోతే సార్?"

"అప్పుడు నీ రాజును దగ్గరికి నడిపించు. ఏనుగు ఒక్కటే ఆట కట్టలేదు. ఏనుగుకు నీ రాజు కాపలా ఉండాల. ఇంగొకటి, చెక్ చెప్పని ప్రతి ఎత్తుకు ముందు, వానికి ఇంకా గడి మిగులుతాందా అని చూసుకో."

అప్పుడు నాకు నా జబ్బు తెలిసింది. అంగట్లో గిరాకీ ముందు చీర మీద చీర విప్పి పరవడం నా అలవాటు. బోర్డు మీదా అదే పని చేస్తున్నాను. ఆ వారమంతా వంటింటి గట్టు మీద బోర్డు పెట్టుకుని, రెండు వైపులా నేనే ఆడాను. పప్పు రెండుసార్లు మాడింది.

పులివెందులలో పోటీ ఒక కల్యాణ మండపంలో జరిగింది. చివరి ఆటలో నా ఎదురుగా ఒక పెద్దాయన, రైతు, మనవడికి జంటగా వచ్చాడు. గంటన్నర ఆడాక, నన్ను పరీక్షించడానికే అన్నట్టు, మళ్లీ అదే మిగిలింది. నాకు రాజు, ఏనుగు. ఆయనకు ఒట్టి రాజు. అక్కడి నుంచి యాభై ఎత్తుల్లో ఆట కట్టలేకపోతే ఆయన డ్రా అడగవచ్చు.

చెక్ చెప్పాలని చెయ్యి దురద పెట్టింది. చెప్పలేదు. గోడ కట్టాను. రాజును నడిపించాను. ఆయన రాజు వెనక్కి జరిగినప్పుడల్లా గోడను ఒక గడి ముందుకు జరిపాను. పెట్టె చిన్నదై చిన్నదై, కుడివైపు పై మూలలో నాలుగు గళ్లకు వచ్చింది. ఆయన రాజు కుడి అంచుకు జరగగానే ఏనుగును ఇంకో గడి ఆ వైపు జరిపాను. సరిగ్గా నా రాజు ముందు గడిలో నిలబడింది. ఇక ఆయనకు అంచు వెంబడి రెండే గళ్లు. రాజు మూలకు వెళ్లింది.

నా రాజును చేతిలోకి తీసుకున్నాను. ఇక దాన్నే కదపాలి. ఏనుగుకు కుడి పక్కన, ఆయన రాజుకు ఎదురుగా, మధ్యలో ఒక్క గడి వదిలి పెట్టమని పదిహేనేళ్ల అలవాటు చెప్పింది. చెయ్యి అటే వెళ్లింది. గడి మీద గాలిలో ఆగింది. వానికి ఇంకా గడి మిగులుతాందా? మిగలదు. చెక్ లేదు, దారీ లేదు. మళ్లీ జమ్మలమడుగే! చెయ్యి వెనక్కి తెచ్చి, రాజును ఏనుగుకు ఎడమ పక్కన పెట్టాను. పెద్దాయన నిట్టూర్చాడు.

ఆయన రాజు మూల నుంచి ఒక గడి కిందికి వచ్చింది. నా రాజు ఒక గడి పైకి వెళ్లింది. అక్కడి నుంచీ ఏనుగుకు కాపలా ఉంది. ఆయన మళ్లీ మూలకే పోవాలి, వేరే దారి లేదు. ఏనుగును ఒక్క గడి కుడికి, అంచు వరసలోకి జరిపాను. ఇప్పుడు చెప్పాను చెక్. ఆ వరసంతా ఏనుగుది, పక్క గళ్లు నా రాజువి. ఆట కట్టు.

"నువ్వు ఆ పక్క పెడతావనే ఆశగా కూర్చుంటి తల్లీ" అని పెద్దాయన నవ్వి చెయ్యి కలిపాడు. నాకు ఊపిరి ఆడింది. లేచి పిల్లల బల్లల వైపు నడిచాను.

పిల్లల వరసలో మా అమ్మాయి లేదు. దాని బల్ల ఖాళీగా ఉంది. వెతికితే మండపం వెనక చేతులు కడుక్కునే చోట, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"గెలిచినా" అన్నాను.

తల ఊపింది. ఆనక నేల చూస్తూ, "నేను ఓడిపోయినానమ్మా. గెలిచే ఆట. ఊరికే ఏనుగును పోగొట్టుకున్నా" అంది.

మళ్లీ బహుమతి పోయింది. సంగతి అర్థమైనా నాకు బాధ కలగలేదు. దాని ముఖం కడిగి, నా కొంగుతో తుడిచాను. తిడతానేమోనని అది నా ముఖం వైపే చూస్తోంది. జమ్మలమడుగు బస్సులో నేను కూడా దాని వైపు అలాగే చూశాను.

"ఇంగ నాతో ఆడవా?" అని అడిగింది.