బ్యాటరీ పట్టించుకోకుండా కొన్న ల్యాప్‌టాప్

మా చెల్లి ఎం.బి.ఎ. ఎంట్రన్స్‌కి చదువుతున్న ఏడాదే ఆ పరీక్ష కంప్యూటర్ మీదికి మారింది. కోచింగ్ సెంటరువాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు పెట్టేవారు. ఒక్కోటి రెండుంబావు గంటలు. నాన్నగారు ఆ ఒక్క ఏడాదికే ఒప్పుకున్నారు. సీటు రాకపోతే మా ఊరు పామర్రులోనే స్కూల్లో టీచరుగా చేరిపోవాలి.

నేనప్పుడు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో క్లర్కుని. పదిహేను వేలు పట్టుకుని, చెల్లిని గవర్నర్‌పేటలో పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే షాపుకి తీసుకెళ్లాను. అది మూత నిండా గీతలున్న ఒక చిన్నదాన్ని పట్టుకు కూర్చుంది. దానికి కొత్త బ్యాటరీ వేశామని, మూడు గంటలకి తగ్గదని షాపాయన చెప్పాడు. నా కంటికి పక్కనున్న పెద్ద స్క్రీనుది ఆనింది.

“దాని బ్యాటరీ ఇరవై నిమిషాలేనండీ. ప్లగ్గులో పెట్టి వాడుకుంటే మాత్రం ఢోకా లేదు,” అన్నాడాయన.

“ప్లగ్గులో పెట్టే కదండీ వాడేది,” అన్నాను. డబ్బు నాది కాబట్టి మాటా నాదే నెగ్గాలి, అదీ నా బుద్ధి.

కొన్న ఆ పెద్దదాన్ని మర్నాడు మా క్వార్టర్స్‌లో మూడు గంటలు ఆపకుండా నడిపి చూశాను. భేషుగ్గా నడిచింది. స్టేషన్ క్వార్టర్స్‌లో కరెంటు పోవడమంటే మేం ఎరగం. పుట్టి పెరిగిన ఊళ్లో కోతల సంగతి మరిచిపోవడానికి నాకు ఆరేళ్ల ఉద్యోగం చాలింది.

ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి మార్కులడిగేదాన్ని. ఎప్పుడూ తక్కువే. చెడామడా తిట్టేదాన్ని. అది ఊఁ కొట్టేది.

అసలు పరీక్షలో సీటుకి సరిపడా రాలేదు. ఫలితాలొచ్చాక పామర్రు వెళ్లాను. మధ్యాహ్నం ఆ ల్యాప్‌టాప్‌లో పాత ఫొటోలు చూస్తుంటే కరెంటు పోయింది. కాసేపటికి స్క్రీనూ ఆరిపోయింది.

“రోజూ ఇంతేనా?” అన్నాను.

“రెండు గంటలకి పోతే నాలుక్కి వస్తుందక్కా. టెస్టు ఒంటిగంటకి మొదలు. ఇది ఆరిపోయినా అక్కడ టైము నడుస్తూనే ఉంటుంది. అందుకే ఆరేలోపు జవాబులన్నీ గబగబా పెట్టేసేదాన్ని. అదే అలవాటైపోయింది. పరీక్ష రోజు సెంటర్లో జనరేటరున్నా చెయ్యి ఆగలేదు. ముప్పావుగంట ముందే అయిపోయింది. సగం తప్పులు, వాటికి మైనస్ మార్కులు.”

“ఒక్కమాట చెప్తే బ్యాటరీ మార్పించేదాన్ని కదే!”

“మొదటి ఆదివారమే చెప్పానక్కా. చదవనిదానికి వంకలెక్కువన్నావు.”

ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. కానీ అనే ఉంటాను, అచ్చం నా మాటే అది. చెల్లి లేచి, సోమవారం నుంచి స్కూలుకి కట్టుకోవాల్సిన చీరలు మడత పెట్టుకుంది.