పైగదికి వదిలిన ఊచలు

గురజాల శివారు కాలనీలో తాపీమేస్త్రి యలమంద ఇల్లు ఒక్క గదితో మొదలైంది. తర్వాత పక్కన వంటిల్లు కట్టాడు, ముందు రేకుల వరండా దించాడు. ఎప్పటికైనా పైగది లేపుదామని స్లాబు మీద స్తంభాల ఊచలు వదిలాడు. తుప్పు పట్టకుండా పన్నెండేళ్లుగా ఏటా వాటికి సిమెంటు పాలు పూస్తూనే ఉన్నాడు.

కొడుక్కి పెళ్లయింది. "ఇంకెప్పుడు లేపుతావయ్యా?" అని భార్య అంకమ్మ అడిగింది.

యలమంద పలుగు తీసుకుని మూల స్తంభం పక్కన తవ్వాడు. మూడడుగులకే పునాది అయిపోయింది. దాని కింద అంతా నల్లరేగడి.

"కట్టేది ఒక్క గదైనా రెండంతస్తుల పునాది వెయ్యమని ఊరందరికీ చెప్పావుగా?"

"చెప్పా. మనది తవ్వేటప్పుడు వాన పట్టింది. గట్టినేల తగిలేదాకా దిగలా. గోడలు ఎప్పుడైనా కట్టుకోవచ్చే. ఇల్లు నెత్తిన ఉండగా పునాది దించటం మన వల్ల కాదు."

"మరి ఏటా ఆ ఊచలకి పూసిందెందుకు?"

"బట్టలారేసినప్పుడల్లా నువ్వు వాటినే చూసేదానివి."

అంకమ్మ గుంట అంచున కూలబడింది. "కిటికీ ఏ వైపు కావాలని పొద్దున్నే కోడల్ని అడిగా," అంది.

యలమంద గుంటలోకి మట్టి లాగడం మొదలుపెట్టాడు.